జలోరియానా, ముంపా?

గేమ్ తయారైపోయి పేరు దగ్గర ఆగిపోయినవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారో గానీ, ఈ వారం నా ఇన్‌బాక్స్‌లో ముగ్గురున్నారు. ఒకరిది గద్వాల, ఒకరిది వనపర్తి, మూడో అమ్మాయిది నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ వైపు. మనం చిన్నప్పుడు చదువుకున్న లెక్కలో అయితే ముగ్గురిదీ ఒకే మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో జిల్లాలు వేరయ్యాయి, వీళ్ల గొడవ మాత్రం ఉమ్మడిగానే ఉంది. రెండేళ్లుగా రాత్రిళ్లు కూర్చుని మొబైల్ గేమ్ చేశారట. "అన్నా, కోడ్ అయిపోయింది, బొమ్మలు అయిపోయినయి, పాట గూడ అయిపోయింది. పేరు పెట్టనీకి ఆర్నెల్ల నుంచి కొట్లాడుకుంటున్నం" అని మెసేజ్.

గేమ్ కథ విన్నాక నాకూ ఆసక్తి పుట్టింది. ఒక పెద్ద నది. దాని అడుగున ఒక పట్నం. ఏటా ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు నలభై రోజులు మాత్రం ఆ పట్నం బయటపడుతుంది. పుట్టినడిపే ఆమె కూతురు అందులోకి దిగుతుంది. తొలి వాన పడేలోపు బయటికి రావాలి. లోపల, ఊరు ఖాళీ చేయనివాళ్లు ఇంకా ఉన్నారు. ఇదీ ఫాంటసీ.

కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లలకు ఈ కథ ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పాలా? శ్రీశైలం రిజర్వాయర్ కింద కొల్లాపూర్, అలంపూర్ వైపు ఎన్నో ఊళ్లు పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. జటప్రోలు గుడినీ అలాగే రాయి రాయి తెచ్చి నిలబెట్టారు. గుళ్లు కదిలాయి, ఊళ్లు కదల్లేదు.

సరే, పేర్ల దగ్గరికి వద్దాం.

వనపర్తి అబ్బాయి పెట్టిన పేరు 'జలోరియా'. అతని వాదన తీసిపారేసేది కాదు. ఎక్కడా లేని మాటైతే సెర్చ్ చేసినవాడికి మన గేమే కనిపిస్తుంది, వేరే సరుకు అడ్డు రాదు. బ్రెజిల్ వాడైనా, జపాన్ వాడైనా మొదటిసారే వింటాడు కాబట్టి అర్థం కాలేదని ఎవరూ బాధపడరు. పైగా ట్రేడ్‌మార్క్ చట్టం కూడా పుట్టించిన మాట వైపే ఉంటుంది. మన 1999 చట్టంలో 9వ సెక్షన్ ప్రకారం, సరుకు రకాన్నో, గుణాన్నో, అది వచ్చిన చోటునో చెప్పే మామూలు మాటను నాదొక్కడిదే అని రిజిస్టర్ చేసుకోవడం కష్టం. ఎవరూ వాడని మాటకు ఆ చిక్కు లేదు.

ఉన్న మాట పెట్టుకుంటే ఏమవుతుందో తెలియాలంటే మైన్‌క్రాఫ్ట్ చేసిన మొజాంగ్ సంగతి చూడండి. వాళ్లు తమ తర్వాతి గేమ్‌కు 'స్క్రోల్స్' అని పేరు పెట్టారు. చుట్టిన కాగితాలు, అంతే. ఏ డిక్షనరీలోనైనా ఉండే మాట. 2011లో 'ఎల్డర్ స్క్రోల్స్' గేముల వాళ్లు లాయర్ల చేత నోటీసు పంపించారు. రాజీ కుదిరేసరికి 2012 వచ్చింది. పేరు వాడుకోవచ్చు గానీ ట్రేడ్‌మార్క్ మాత్రం అడగొద్దన్నది దాని సారం. అంత పెద్ద కంపెనీకే అంత తలనొప్పి అయితే, రాత్రిళ్లు కూర్చుని గేమ్ చేసే ముగ్గురి మాటేమిటి?

మరి జలోరియాకు వచ్చిన ఇబ్బంది ఏంటంటారా? పైకి చదివి చూడండి. జలోరియా. మలేరియా. డయేరియా. తెలుగు చెవికి ఈ 'రియా' అన్న తోక వినగానే మందుల షాపు గుర్తొస్తుంది. "మా తమ్ముడికి జలోరియా వచ్చింది" అంటే ఎవరైనా అయ్యో పాపం అంటారు తప్ప ఏ లెవెల్ అని అడగరు. అది పోనీయండి. రాజస్థాన్‌లో జాలోర్ అని కోట ఉన్న ఊరొకటి ఉంది. ఉత్తరాది వాడికి జలోరియా అంటే ఆ ఊరి నుంచి వచ్చినవాళ్ల ఇంటిపేరులా వినిపిస్తుంది. పుట్టించానని మనం అనుకున్న మాట చాలాసార్లు ఎక్కడో పుట్టే ఉంటుంది.

నా అసలు అభ్యంతరం వేరే. 'ఇయా', 'ఓరియా', 'థార్' తోకలతో వచ్చే పేర్లు ఇది ఫాంటసీ గేమ్ అని మాత్రమే చెబుతాయి. ఏ ఫాంటసీయో చెప్పవు. ఈ గేమ్‌లో ఉన్న ఎండాకాలం, బురద, పుట్టి, ఖాళీ చేయని మనుషులు, వీటిలో ఒక్కటి కూడా ఆ నాలుగు అక్షరాల్లో లేదు.

గద్వాల అబ్బాయి పేరు 'నడిగడ్డ'. కృష్ణకు, తుంగభద్రకు మధ్య ఉన్న నేలను అక్కడివాళ్లు పిలుచుకునే పేరు అది. ఈ పేరు వినగానే నాకు టోల్కీన్ గుర్తొచ్చాడు. ఆయన కథల లోకం 'మిడిల్ ఎర్త్' కూడా ఆయన కల్పించిన మాట కాదు. పాత ఇంగ్లిష్‌లో మనుషులుండే లోకానికి ఉన్న పేరునే దుమ్ము దులిపి తెచ్చుకున్నాడు. అర్థం చూస్తే నడిమి నేల. అంటే గద్వాల బస్టాండ్‌లో పల్లీలు కొనుక్కునే మనిషి రోజూ అంటున్న మాటకు, ప్రపంచంలోకెల్లా పేరున్న ఫాంటసీ లోకం పేరుకు అల్లిక ఒకటే. ఇంత దగ్గర్లో ఇంత మంచి పేరుంటే జలోరియా ఎందుకని ఆ అబ్బాయి పట్టుబట్టడంలో న్యాయముంది.

కానీ పేరు తెలుగులో రాసుకుంటే సరిపోదు కదా. ప్లే స్టోర్‌లో జనం వెతికేది ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో. `Nadigadda` అని కొట్టండి. ఇప్పుడు దీన్ని ఆ ప్రాంతం తెలియని వాడికిచ్చి చదవమనండి. ఆ అక్షరాల్లో 'ద'కూ 'డ'కూ తేడా లేదు. నడి కాస్తా నది అవుతుంది, గడ్డ కాస్తా గద్ద అవుతుంది. నదిగద్ద! పక్షుల గేమ్ అనుకుంటాడు. సరిగ్గా చదివినవాడికైనా గడ్డ అంటే నేల ఒక్కటే కాదు. పొట్టలో గడ్డ ఉంది, తెలంగాణలో ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఉన్నాయి. నడిగడ్డ అంటే గుండె ఉప్పొంగేది ఆ నేల మీద పుట్టినవాడికి. విశాఖపట్నం వాడికి ఆ పొంగు రాదు.

ఇంకోటి. బతికున్న ఊరి పేరు పెడితే ఆ ఊరు లెక్క అడుగుతుంది. మీ నడిగడ్డలో జోగులాంబ గుడి ఏది, గద్వాల కోట ఏది, చేనేత మగ్గం ఎందుకు లేదు అంటారు. వీళ్ల గేమ్‌లో అవేవీ లేవు. ఉన్నది కల్పించిన పట్నం. ఉన్న నేల పేరు పెట్టి లేని ఊరు చూపిస్తే ఆడేవాడు తప్పులే వెతుకుతాడు.

ఇలా ఇద్దరూ ఒకరి పేరు ఒకరు కొట్టేసుకుని చివరికి ఒక రాజీకి వచ్చారు. 'ముంపు'. రెండే అక్షరాలు. పలకడం సులువు, కథంతా అందులోనే ఉంది, కొంచెం భయం కూడా ఉంది. నాకు మెసేజ్‌లో ఆ మాట చదవగానే, ఇదేనయ్యా పేరు, ఇంకేం కొట్లాట అనిపించింది. కొల్లాపూర్ అమ్మాయి ఒప్పుకోలేదు. ఫోన్‌లో ఆమె అన్న మాట దాదాపు ఇలాగే ఉంది: "అన్నా, వీళ్లకు ముంపు అంటే సినిమా టైటిల్. మా తాతకు అది కాయితం మీది మాట. ముంపు ఇల్లు, ముంపు పొలం, ముంపు సర్టిఫికెట్. ఆయన బతుకంతా ఆఫీసులల్ల ఆ కాయితం పట్టుకుని తిరిగిండు. ఫోన్ తెరిస్తే ఆ మాట మీద ఆడుకో అని బటన్ ఉంటే ఎట్లుంటది?"

ఆ ప్రాంతం తెలియనివాళ్లకు ఒక్క మాట. శ్రీశైలం ముంపు నిర్వాసితుల కుటుంబాలకు ఉద్యోగాలివ్వడానికి వచ్చిన 98 జీవో సంగతి కొల్లాపూర్ వైపు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. అక్కడ ముంపు అన్నది గతించిన కథ కాదు, ఇంకా నడుస్తున్న ఫైలు.

ఉన్న మాటకు ఉండే బలం, దాని ఖరీదు రెండూ ఇక్కడే ఉన్నాయి. ఆ మాట మనసును తాకుతున్నదంటే, అంతకు ముందే దానిని ఎవరో అనుభవించి అందులో బరువు నింపారన్నమాట. ఆ బరువు మనం వాడుకుంటున్నాం. హైదరాబాద్‌లో ఆడేవాడికి అది పులకింత, కొల్లాపూర్ తాతకు అది గాయం. అందుకని ముంపు అనే పేరు పెట్టకూడదని నేననను. ఆ ఊళ్ల కథనే ఉన్నదున్నట్టు చెప్పే గేమ్ అయితే ఆ పేరే పెట్టాలి. దయ్యాలు, మంత్రాలు, నలభై రోజుల టైమర్ ఉన్న గేమ్‌కు మాత్రం అది అప్పు తెచ్చుకున్న పేరే అవుతుంది.

అయితే మళ్లీ జలోరియాకే పోవాలా? అక్కర్లేదు. ఈ చిక్కును మనవాళ్లు సినిమాల్లో ఎప్పుడో విప్పారు.

'బాహుబలి' పేర్లు గుర్తు చేసుకోండి. మాహిష్మతి నర్మద ఒడ్డున వెలిసిన ప్రాచీన నగరం పేరు, కార్తవీర్యార్జునుడి రాజధానిగా పురాణాల్లో ఉంది. కాలకేయులు భారతంలోని రాక్షసులు. కుంతల చరిత్రలో నిజంగా ఉన్న ప్రాంతం. మనం మూడు గంటలసేపు గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లన్నీ పాత మాటలే. పూర్తిగా పుట్టించింది ఒక్కటే, కాలకేయులు మాట్లాడే కిలికి. మదన్ కార్కి కల్పించిన భాష అది. మనకు అర్థం కాకూడదు, భయం వేయాలి. ఆ పనికి కొత్త మాటలు సరిపోయాయి. దేనికి ఏది వాడాలో చాలా లెక్కగా చేసిన పని అని నాకనిపిస్తుంది.

ఇంకా వెనక్కి, 1957కు వెళ్తే 'మాయాబజార్'. మాటలు పుట్టించడంలో పింగళి నాగేంద్రరావుగారిని మించినవాళ్లు తెలుగులో నాకు కనపడరు. ఆయన చేసిన పని జాగ్రత్తగా చూడండి. తల్పం పక్కన గిల్పం, కంబళి పక్కన గింబళి. ఇవి శూన్యంలోంచి రాలేదు. మనం రోజూ 'పులీ గిలీ', 'పుస్తకాలూ గిస్తకాలూ' అంటాం కదా, ఆ జంటలో రెండో మాటకు అర్థం ఉండదు. ఆయన ఆ అర్థం లేని సగాన్ని పట్టుకుని మాయా వస్తువుకు పేరుగా నిలబెట్టారు. అలాగే అస్మదీయులు అంటే మనవాళ్లు అని సంస్కృతంలో ఉంది. దానికి ఎదురుగా తసమదీయులు అన్నది ఏ నిఘంటువులోనూ లేదు. అయినా విన్న క్షణంలో అర్థమైంది, ఇవాళ పత్రికల హెడ్డింగుల్లో కూడా కనిపిస్తోంది. మాట కొత్తది, అచ్చు పాతది. అందుకే ఎవరికీ నేర్పించాల్సిన పని పడలేదు.

గేమ్ పేర్లకు ఈ అచ్చు ఎక్కడ దొరుకుతుంది? ఆ మూడు జిల్లాల మ్యాప్ తెరవమన్నాను. వనపర్తి, కల్వకుర్తి, జటప్రోలు, పెబ్బేరు, అచ్చంపేట, ఉండవెల్లి, మల్లెలతీర్థం, నల్లమల. తెలుగులో రెండు మాటలు కలిస్తే అదేమిటో చెప్పేది చివరి మాట. మల అంటే కొండ, ఏరు అంటే వాగు, ప్రోలు అంటే పాత తెలుగులో పట్నం. ప్రోలు అర్థం చాలామందికి తెలియకపోవచ్చు, కానీ ఆ తోక వినగానే ఇదేదో ఊరు అని మాత్రం తెలుస్తుంది. అంటే తోక నిజమైనది ఉంచితే ముందు సగంలో మీ ఇష్టం. 'వెండ్రమల' అని నేనిప్పుడే అన్నాను. అలాంటి కొండ నాకు తెలిసి లేదు, కానీ అది కొండ అని మీకు తెలిసిపోయింది కదా? జలోరియాలో లోపించింది ఇదే. పుట్టించడం తప్పు కాదు, ముందూ వెనకా రెండూ పుట్టించడం వల్ల పట్టుకోవడానికి పిడి లేకుండా పోయింది.

ఇలా ఒక గంట ఫోన్‌లో తిప్పలు పడ్డాం. ప్రోలు అన్నది అమ్మాయికి నచ్చింది, నీళ్లకు దారిచ్చిన జటప్రోలు వాళ్ల వైపుదే కాబట్టి. ముందు ఏం పెట్టాలి? ముంపుప్రోలు అంటే నోరు తిరగదు, పైగా మళ్లీ అదే గాయం. నీటిప్రోలు అంటే మున్సిపాలిటీ స్కీములా ఉంది. గద్వాల అబ్బాయి 'మునుప్రోలు' అన్నాడు. అందరం ఒక్క క్షణం ఆగాం. మును అంటే ముందటి కాలం, మునుపు. ఒకప్పటి పట్నం. అదే అక్షరాల్లో మునుగు అన్న ధాతువు నీడ కూడా ఉంది. మునిగిపోయింది అని ఎవరూ అనలేదు, కానీ వినిపిస్తోంది. ముంపు చెప్పిన మాటే ఇదీ చెబుతోంది, సర్టిఫికెట్ మాత్రం అడగడం లేదు.

తర్వాత పరీక్షలు. `Munuprolu` అని రాస్తే తప్పు చదవడానికి పెద్దగా చోటు లేదు. ద, డ తగాదా లేదు, పొట్టి పొడుగుల్లో తేడా వచ్చినా వేరే మాట కావడం లేదు. (మధ్యలో 'ప్రో' ఉందని వనపర్తి అబ్బాయి మురిసిపోయాడు. గేమర్లంతే.) ప్లే స్టోర్ టైటిల్‌కు 30 అక్షరాల హద్దు. ఇది తొమ్మిది, కాబట్టి పక్కన ఒక చిన్న ఉపశీర్షికకు కూడా చోటుంది. తెలుగు తెలియనివాడికి అందులో అర్థం దొరకదు, ఆ లోటు ఉంది. దాన్ని ఆ ఉపశీర్షిక తీర్చాలి.

నేను పెట్టిన పరీక్ష వేరే. పేరుకు మన విభక్తి తగిలించి నోటితో అనమన్నాను. తెలుగులో పేరు ఒంటరిగా బతకదు. లో, కి, నుంచి తోడు ఉండాల్సిందే. పాలమూరు మాటలో 'లో' అన్నది 'ల' అవుతుంది. నల్లమల అని పేరు పెట్టి ఉంటే "నల్లమలల ఉన్న" అనాలి, నాలుక జారుతుంది. జలోరియాల? చెప్పక్కర్లేదు. మునుప్రోలు అయితే, కర్నూలులో అన్నది కర్నూల్ల అయినట్టే, "యాడున్నవ్‌రా?" "మునుప్రోల్ల ఉన్న, ఆగు" అని ఆ అబ్బాయి ఫోన్‌లోనే అనేశాడు. ఎవరూ నేర్పలేదు. నోరు దానంతట అదే ఒంచుకుంది. అసలు కర్నూలే కందనవోలు నుంచి అరిగి అరిగి వచ్చిన పేరు అంటారు. కొత్త పేరు కూడా అలా అరగడానికి సిద్ధంగా ఉండాలి. అరగని పేరును జనం వాడటం లేదని అర్థం.

ఆ రాత్రే అమ్మాయి తాత దగ్గరికి వెళ్లి పేరు చెప్పిందట. గేమ్ అని చెప్పలేదు, పేరే చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి "యే మండలమది?" అన్నాడట. లేదు తాతా, నీళ్లల్ల ఉంటది అంటే, "మనదాని లెక్కనేనా" అని మళ్లీ అడిగాడట. నాకు ఇది చెబుతున్నప్పుడు ఆమె గొంతు కొంచెం మారింది.

పని ఇంకా మిగిలే ఉంది. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైటులో పేరు వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌కు 9వ తరగతి, ఆన్‌లైన్ ఆటలకు 41వ తరగతి చూడాలి. అదే పేరు ఒక్కటే కాదు, దగ్గరగా వినిపించేవి కూడా వెతకమన్నాను. ఆ పేరుతో ఎక్కడైనా నిజంగా ఊరుందేమో కూడా చూసుకోమన్నాను. ఉంటే మునుప్రోలును ఇంకో అక్షరం వంచాలి. ఇంకో సంగతి చాలామందికి చివర్లో తెలుస్తుంది. స్టోర్‌లో కనిపించే పేరు తర్వాతైనా మార్చుకోవచ్చు గానీ, లోపల ఉండే ప్యాకేజ్ పేరు ఒకసారి పబ్లిష్ చేశాక మారదు. వీళ్ల ప్రాజెక్టులో అది మొదటి రోజు సరదాగా పెట్టింది, చివర `.jaloria` అని ఉంది. దాన్ని ఉంచాలా తీయాలా అని ముగ్గురూ ఇప్పుడు మళ్లీ కొట్లాడుకుంటున్నారు. వనపర్తి అబ్బాయి మాత్రం ఎవరికీ కనపడదు కదా, ఉండనీయండి అంటున్నాడు.